నగరంలోకి రాగానే పెర్ఫార్మెన్స్ మోడ్ ఎందుకు తడబడుతుంది?

ప్రశ్న: చిత్తూరు నుంచి అడుగుతున్నాను. నా ప్లేస్టేషన్ 5లో బాల్డర్స్ గేట్ 3 ఆడుతున్నాను. పెర్ఫార్మెన్స్ మోడ్‌లో అడవులూ గుహలూ హాయిగా నడిచాయి. మూడో అంకంలో నగరంలోకి వచ్చాక కదలిక తడబడుతోంది. క్వాలిటీ మోడ్‌కు మారిస్తే అదే వీధిలో 30 ఫ్రేములు నిలకడగా వస్తున్నాయి. బొమ్మ తగ్గించిన మోడ్ తడబడటం, బొమ్మ పెంచిన మోడ్ నిలబడటం ఏమిటి? ఎండకు వేడెక్కి ఇలా అవుతోంది, లోపల చిప్ వేడిని బయటికి పంపే పేస్ట్ మార్చాలి అంటున్నాడు షాపతను. కన్సోల్ పాడైందా? ప్లేస్టేషన్ 5 ప్రో కొంటే ఇది పోతుందా?

సమాధానం: మీ కన్సోల్ పాడవలేదు. పేస్ట్ మార్పించకండి. ఆ వీధిలో వెనకబడుతున్నది బొమ్మ గీసే జీపీయూ కాదు, ఆటను నడిపే సీపీయూ. మోడ్ మార్చినప్పుడు మారేది దాదాపుగా జీపీయూ మీది బరువు ఒక్కటే. వీధిలో జనం ఎంతమంది, వాళ్లు ఏం చేస్తున్నారు అన్న లెక్కలు రెండు మోడ్‌లలోనూ అవే. క్వాలిటీ మోడ్ ఆ లెక్కలకు ఎక్కువ గడువిస్తుంది కాబట్టి అవి పూర్తవుతాయి. పెర్ఫార్మెన్స్ మోడ్ సగం గడువే ఇస్తుంది, అందుకే కావు. ప్రో కొంటే కొంచెం నయమవుతుంది, పూర్తిగా పోదు.

నేను చాలాకాలం బెంగళూరులో, ఇతరులు తయారుచేసిన ఆటలను కన్సోళ్లకు తెచ్చే ఒక బృందంలో పనిచేశాను. ఫ్రేములు ఎక్కడ పోతున్నాయో వెతికి పట్టుకోవడమే నా పని. ఇప్పుడు తిరుపతిలో ఇంటి నుంచే అదే పని చేస్తున్నాను. మీరు అడిగిన ప్రశ్ననే ఇక్కడి కుర్రాళ్లు వేరువేరు ఆటల పేర్లతో నన్ను అడుగుతుంటారు. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

ముందుగా సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్క పక్కన పెట్టి, ఒక్కో ఫ్రేముకు ఎంత సమయం ఉందో చూడండి. మేము పనిలో ఎప్పుడూ ఫ్రేముల సంఖ్య మాట్లాడుకోం, మిల్లీసెకన్లే మాట్లాడుకుంటాం. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు. 60 అంటే 16.7. ఆ గడువులోపల రెండు పనులు జరగాలి. సీపీయూ ఆటలోని ప్రపంచాన్ని ఒక అడుగు ముందుకు నడుపుతుంది: ఎవరు ఎటు నడిచారు, ఎవరి కాలు ఎక్కడ పడింది, తలుపు తెరుచుకుందా, దొంగ కంట పడ్డాడా. తర్వాత ఏమేమి గీయాలో జాబితా రాసి జీపీయూకు ఇస్తుంది. జీపీయూ ఆ జాబితా ప్రకారం బొమ్మ గీస్తుంది. జీపీయూ ఒక ఫ్రేము గీస్తుండగానే సీపీయూ తర్వాతి ఫ్రేము పనిలో ఉంటుంది కాబట్టి రెండు సమయాలనూ కలపకూడదు. రెండింటిలో ఏది నెమ్మదిగా ఉంటే దాని సమయమే ఫ్రేము సమయం.

తిరుమల లడ్డూలతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. పోటులో లడ్డూలు కట్టేవారు ఒకవైపు, కౌంటర్లలో ఇచ్చేవారు ఇంకోవైపు. కౌంటర్లు రెట్టింపు చేసినా, పోటు నుంచి ట్రేలు అదే వేగంతో వస్తుంటే క్యూ వేగం పెరగదు. రిజల్యూషన్ తగ్గించడమంటే కౌంటర్లు పెంచడమే.

ఇప్పుడు అంకెలతో ఒక కేసు చెబుతాను. ఒప్పందం ఉంది కాబట్టి ఆట పేరు చెప్పను, అంకెలను కూడా గుండ్రంగా సర్దాను. కానీ ఏ పనికి ఎంత సమయం పడుతోందో కొలిచే ప్రొఫైలర్‌లో మేము చూసిన ఆకారం ఇదే.

అది బహిరంగ ప్రపంచపు ఆట. అందులో ఒక సంత ఉంది, సంత నిండా జనం. ప్లేస్టేషన్ 5లో 4కే రిజల్యూషన్‌లో ఆ సంతను గీయడానికి జీపీయూకు 31 మిల్లీసెకన్లు పట్టేది. సీపీయూకు 22. నెమ్మదైనది జీపీయూ, దాని సమయం 31, గడువు 33.3. అంటే 30 ఫ్రేములు నిలకడగా వస్తాయి. క్వాలిటీ మోడ్ అక్కడితో అయిపోయింది. పెద్దగా చెమటోడ్చనక్కరలేకపోయింది.

పెర్ఫార్మెన్స్ మోడ్‌కు వచ్చేసరికి కథ మారింది. 4కేలో ఒక ఫ్రేముకు దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. 1440పీలో దాదాపు 37 లక్షలు. అంటే రెండుంపావు రెట్లు తక్కువ. ఈ లెక్కన 31 మిల్లీసెకన్ల పని 14కు దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. దిగదు. జీపీయూ పనిలో కొంత భాగానికి పిక్సెళ్లతో సంబంధమే లేదు. సూర్యుడి వైపు నుంచి నీడల పటం గీయడం, వేల పాత్రల ఎముకలకు చర్మం సర్దడం, త్రిభుజాలను వడకట్టడం వంటివి తెర పెద్దదైనా చిన్నదైనా అంతే సమయం తీసుకుంటాయి. మా సంతలో ఆ కదలని భాగం 6 మిల్లీసెకన్లు. మిగిలిన 25 మాత్రమే పిక్సెళ్లది. 25ను రెండుంపావుతో భాగిస్తే 11.1. దానికి 6 కలిపితే 17.1. గడువు 16.7. అరమిల్లీసెకను కూడా కాదు, కానీ దాటింది దాటినట్టే.

అందుకే పెర్ఫార్మెన్స్ మోడ్ రిజల్యూషన్లు తరచుగా వింత అంకెల్లో ఉంటాయి. జీపీయూను 16 లోపల ఉంచాలంటే మాకు పిక్సెళ్ల పనికి 10 మిల్లీసెకన్లే మిగిలాయి. వెనక్కి లెక్కవేస్తే సుమారు 33 లక్షల పిక్సెళ్లు, అంటే 1368పీ. ఏదో విశ్లేషణ వీడియోలో ‘ఈ ఆట 1368పీలో నడుస్తోంది’ అని చూసి, ఆ అంకె ఎక్కడిదని మీరు ఆశ్చర్యపోయి ఉంటారు. అది ఎవరికో నచ్చి పెట్టిన అంకె కాదు, గడువులోంచి కదలని భాగం తీసేయగా మిగిలినది. పైగా ఆ అంకె కూడా స్థిరంగా ఉండదు. చాలా ఆటలు భారం పెరిగిన ఫ్రేములో రిజల్యూషన్ తమంతట తామే ఇంకొంచెం దించుకుని, తగ్గగానే పెంచుకుంటాయి.

సరే, జీపీయూ 16 లోపలికి వచ్చింది. సంతలో ఆడి చూశాం. 60 రాలేదు, 45 వచ్చింది. ఎందుకంటే సీపీయూ ఇంకా 22 మిల్లీసెకన్ల దగ్గరే కూర్చుంది. మొదటి నుంచీ అది అక్కడే ఉంది. క్వాలిటీ మోడ్‌లో 31 వెనక దాక్కుంది, అంతే. జీపీయూ దారి ఇవ్వగానే బయటపడింది. ఆ తర్వాత రిజల్యూషన్‌ను 1080పీకి దించి కూడా చూశాం, 720పీకి కూడా. అంకె కదలలేదు. మీ నగరం వీధిలో జరుగుతున్నది ఇదే రకం సంగతి. ఆ ఆట లోపలి మిల్లీసెకన్లు నా దగ్గర లేకపోయినా గుర్తులన్నీ అవే: మీరు చెప్పిన రెండు మోడ్‌ల తేడా ఒకటి, పీసీలో ఆడేవారికి కూడా మూడో అంకం నగరమే ప్రాసెసర్‌ను అలసటకు గురిచేయడం ఇంకొకటి. అక్కడ ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు రిజల్యూషన్ దించినా ఫ్రేములు అంతగా పెరగలేదు.

ఇక్కడ చాలామంది అడిగే మాట: ‘బొమ్మ తగ్గించినట్టే సీపీయూ పని కూడా తగ్గించి పెర్ఫార్మెన్స్ మోడ్ చేయవచ్చు కదా?’ అసలు విషయం అంతా ఇక్కడే ఉంది. జీపీయూ పనిని తగ్గిస్తే బొమ్మ కాస్త మసకబారుతుంది, ఆట అలాగే ఉంటుంది. సీపీయూ పనిని తగ్గిస్తే ఆటే మారుతుంది. మా సంతలో జనం అలంకారానికి లేరు. కథానాయకుడు గుంపులో కలిసిపోయి కాపలావాళ్ల కళ్లు కప్పాలి. మూడోవంతు జనాన్ని తీసేస్తే సీపీయూ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది, కానీ పెర్ఫార్మెన్స్ మోడ్‌లో ఆడేవాడు తేలిగ్గా దొరికిపోతాడు. అంటే మోడ్ మార్చితే ఆట కష్టం మారుతుంది. మా డిజైనర్ దానికి ససేమిరా అన్నాడు. ఆయన అన్నది సబబే.

చివరకు మేము చేసినది చిల్లర పనుల మూట. కెమెరా వెనక ఉన్నవాళ్లు ప్రతి ఫ్రేములోనూ ఆలోచించకుండా నాలుగు ఫ్రేములకోసారి ఆలోచించేలా వంతులు వేశాం. దూరాన ఉన్నవాళ్ల కాళ్లూ చేతుల కదలికను సెకనుకు 15 సార్లకు దించాం. (అప్పటి నుంచి ఏ ఆటలోనైనా దూరంగా నడిచేవాళ్లు బొమ్మలాటలో బొమ్మల్లా కుదుపుతో కదిలితే, అక్కడ ఎవరో నాలాంటివాడు నిద్ర మానుకున్నాడని నాకు తెలిసిపోతుంది.) ఒకే కోర్ మీద పడుతున్న పనిని విడదీసి మిగతా కోర్లకు పంచాం. ప్లేస్టేషన్ 5లో ఎనిమిది కోర్లున్నా, ఆట కోసం అన్నీ పూర్తిగా దొరకవు, కొంత భాగం కన్సోల్ సొంత వ్యవస్థకు పోతుంది. దొరికినవాటిలో కూడా ఒకదాని తర్వాత ఒకటి వరసగా జరగాల్సిన పని ఉంటే మిగతావి చేతులు కట్టుకుని ఎదురుచూస్తాయి. ఇవన్నీ చేసి 22ను 18కి తెచ్చాం. అక్కడ ఆగిపోయింది. సంతలో మాత్రం 55 దగ్గర ఆడుతుందని ఒప్పుకుని విడుదల చేశారు. మిగతా ఊరంతా 60.

కాబట్టి మెనూలో కనిపించే ఆ రెండు మోడ్‌లూ జీపీయూ ఇచ్చే వరాలు. సీపీయూకు అలాంటి మీట ఉండటం అరుదు. ఒక ఆటకు పెర్ఫార్మెన్స్ మోడ్ అసలు లేకపోతే, అది నిర్మాతల బద్ధకం అనుకోకముందు ఆ ఆట సీపీయూతో ఏం చేయిస్తోందో చూడండి. 2022లో వచ్చిన గోథం నైట్స్ కన్సోళ్లలో 30 ఫ్రేములకే పరిమితమైంది. రిజల్యూషన్ దించితే 60 వచ్చేసే సంగతి కాదని నిర్మాతల వైపు నుంచే చెప్పారు. ఇద్దరు ఆటగాళ్లు పెద్ద నగరంలో చెరొక మూలకు పోగల ఆట అది. 2024లో డ్రాగన్స్ డాగ్మా 2 నగరంలోకి రాగానే ఫ్రేములు పడిపోయినప్పుడు, కనిపించే ప్రతి పాత్రకూ సీపీయూలో చాలా భాగం ఖర్చవుతోందని క్యాప్‌కామ్ స్వయంగా చెప్పింది. మీ ఆటతో కలిపి మూడూ మూడు రకాలు, అడ్డం పడింది మాత్రం అదే చోట.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ ఇంకొకటి ఉంది, ఎందుకంటే అందులో నిర్మాతలు ఏం కోశారో వాళ్లే చెప్పారు. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5తో పాటు వచ్చిన స్పైడర్‌మ్యాన్ మైల్స్ మోరాలెస్‌లో మొదట రెండే మోడ్‌లు. ఒకదానిలో రే ట్రేసింగ్ ప్రతిబింబాలతో 30 ఫ్రేములు, రెండోదానిలో అవి లేకుండా 60. నెల తిరగకుండానే, డిసెంబరులో, ప్రతిబింబాలూ ఉండి 60 ఫ్రేములూ వచ్చే మూడో మోడ్ ఇచ్చారు. దాని కోసం సర్దుబాటు చేసినవి మూడు: దృశ్యం రిజల్యూషన్, ప్రతిబింబాల నాణ్యత, పాదచారుల సాంద్రత. మొదటి రెండూ జీపీయూ కోసమని చూడగానే తెలుస్తుంది. మూడోది చూడండి. అద్దాల మేడల్లో ప్రతిబింబం కనిపించాలంటే కెమెరాకు వెనక ఉన్న వీధి కూడా లెక్కలోకి రావాలి. ఏ వస్తువు ఎక్కడుందో కిరణాలు వెతుక్కునే ఒక పట్టికను ప్రతి ఫ్రేముకూ సరిచేయాలి, అందులో కొంత పని సీపీయూ నెత్తిన పడుతుంది. గడువు సగానికి తగ్గినప్పుడు పక్కన నడిచే జనాన్ని పలచబరిచారు. అక్కడ జనం నిజంగానే అలంకారం కాబట్టి చెల్లింది. మా సంతలో చెల్లలేదు.

ఇంట్లోనే ఎలా కనిపెట్టాలి? కొలిచే పరికరాలు అక్కరలేదు, కళ్లు చాలు. ఒకే చోట నిలబడి, ఆటను సేవ్ చేసి, రెండు మోడ్‌లలోనూ చూడండి. క్వాలిటీలో నిలకడగా ఉండి పెర్ఫార్మెన్స్‌లో తడబడితే సీపీయూ మీద అనుమానం పెట్టుకోవచ్చు. కానీ అదొక్కటే చాలదు, మా 17.1 లాగా జీపీయూ వెంట్రుకవాసిలో దాటినా అలాగే కనిపిస్తుంది. రెండో గుర్తు బొమ్మ పదును. జీపీయూ వెనకబడుతుంటే, రిజల్యూషన్ మార్చుకునే ఆటల్లో తడబాటుకు ముందు బొమ్మ మసకబారుతుంది. మంటలు, పొగ, మంత్రాల వెలుగులు తెరను నింపినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. బొమ్మ పదునుగానే ఉండి కదలిక మాత్రం తడబడితే అది ఎక్కువగా సీపీయూ. మూడోది, కెమెరాను పక్క గోడకు ఆనించినట్టు తిప్పండి. మీ ఆటలోనైతే బాగా దగ్గరికి తెచ్చి నేలను చూపించండి. తెర మీద ఏమీ లేకపోయినా తడబాటు పూర్తిగా పోకపోతే, కనిపించని జనం ఇంకా లెక్కల్లో నడుస్తున్నారన్నమాట. కొంచెం నయమైతే కంగారుపడకండి. తెర మీద వస్తువులు తగ్గితే సీపీయూ రాసే జాబితా కూడా చిన్నదవుతుంది.

ఇవి కాకుండా పరుగెత్తుతూ కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టగానే ఒక్కసారి టక్కున ఆగి సాగితే, అది వేరే జబ్బు. కొత్త వీధి సామగ్రిని లోపలికి తెచ్చి అమర్చడంలో పడిన ఆలస్యం అది. మోడ్‌లతో దానికి పెద్దగా సంబంధం ఉండదు.

ఇక ఎండ సంగతి. మే నెలలో రేణిగుంట వైపు గదుల్లో ఏసీ లేకుండా కన్సోల్ పెట్టుకున్నవాళ్లందరూ దీన్నే అనుమానిస్తారు. ల్యాప్‌టాప్, ఫోను వేడెక్కితే నెమ్మదిస్తాయి కాబట్టి ఆ అనుమానం సహజమే. ప్లేస్టేషన్ 5 అలా చేయదు. దాని జీపీయూ గరిష్ఠంగా 2.23 గిగాహెర్ట్జ్, సీపీయూ 3.5 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తాయి, ఆ వేగాలు మారుతుంటాయి కూడా. కానీ అవి మారేది గది వేడిని బట్టి కాదు, చిప్ ఆ క్షణంలో ఎంత పని చేస్తోంది, ఎంత విద్యుత్తు తీసుకుంటోంది అన్నదాన్ని బట్టి. దీని రూపకర్త మార్క్ సెర్నీ 2020 మార్చిలోనే ఈ విషయం వివరించారు: చల్లని గదిలో ఉన్న కన్సోల్, వేడి గదిలో ఉన్న కన్సోల్ ఒకే ఆటను ఒకేలా నడపాలన్నదే ఉద్దేశం. హార్స్‌లీ హిల్స్‌లో ఆడినా, మన బజారు వీధిలో ఆడినా ఆ నగరం ఒకేలా తడబడుతుంది.

వేడి మరీ ఎక్కువైతే ఏం జరుగుతుందంటే, ముందు ఫ్యాను హోరెత్తుతుంది, తర్వాత బాగా వేడెక్కిందని తెర మీద హెచ్చరిక వస్తుంది, ఆపైన ఆగిపోతుంది. మీకు ఆ హెచ్చరిక రాలేదు కదా. పైగా వేడి వల్లనైతే క్వాలిటీ మోడ్‌ కూడా చెడాలి, జీపీయూకు విశ్రాంతి లేనిది అక్కడే. షాపతను చెప్పిన పేస్ట్ గురించి ఇంకొక మాట: ఈ కన్సోల్‌లో ఆ చోట మామూలు పేస్ట్ ఉండదు, ద్రవ లోహం ఉంటుంది. అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. సరిగా తెలియనివారు విప్పితే బోర్డు మీదకు జారి, లేని జబ్బు కొనితెచ్చుకున్నట్టవుతుంది. మాన్యువల్ ప్రకారం 35 డిగ్రీల వరకే వాడాలి కాబట్టి వేసవిలో వెనక వైపు గాలి ఆడేలా, దుమ్ము లేకుండా పెట్టుకోండి. అది కన్సోల్ ఆయుష్షు కోసం, ఫ్రేముల కోసం కాదు.

మెమరీ గురించి మీరు అడగలేదు గానీ, మోడ్‌లు చూపించే హద్దుల్లో అదీ ఒకటి, కాబట్టి క్లుప్తంగా. రెండు మోడ్‌లలోనూ గోడల మీది, బట్టల మీది అల్లిక, అంటే టెక్స్చర్, దాదాపు ఒకేలా ఉండటం గమనించారా? అల్లికలు పట్టడానికి కావలసింది స్థలం. 16 గిగాబైట్ల స్థలం 30 ఫ్రేములకైనా 60కైనా అంతే. మారేది రవాణా. ప్లేస్టేషన్ 5 మెమరీ సెకనుకు 448 గిగాబైట్లు అటూఇటూ చేరవేస్తుంది. 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము వాటా దాదాపు 15 గిగాబైట్లు, 60 అయితే ఏడున్నర. దాన్ని సీపీయూ, జీపీయూ పంచుకోవాలి. నీడలు, పొగమంచు, ప్రతిబింబాలు పెర్ఫార్మెన్స్ మోడ్‌లో నాసిగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. స్థలమే చాలకపోతే ఏమవుతుందో మీ ఆటే చూపించింది. 10 గిగాబైట్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో ఒకే తెరను ఇద్దరు పంచుకుని ఆడే సదుపాయం కుదరక, 2023లో ఎక్స్‌బాక్స్‌లో ఆ ఆట విడుదల ఆలస్యమైంది. చివరికి సిరీస్ ఎస్‌లో ఆ సదుపాయం లేకుండానే విడుదల చేశారు. ఏ మోడూ దాన్ని కాపాడలేకపోయింది.

ఇప్పుడు ప్రో. 2024లో ప్లేస్టేషన్ 5 ప్రోను పరిచయం చేస్తూ, మోడ్ ఎంచుకోమంటే నాలుగింట మూడు వంతుల సార్లు ఆటగాళ్లు పెర్ఫార్మెన్స్‌నే ఎంచుకుంటున్నారని సెర్నీ అన్నారు. ఆ 60 ఫ్రేములను వదలకుండా బొమ్మ బాగు చేయడానికే ఆ యంత్రాన్ని కట్టారు. జీపీయూ బొమ్మ గీసే వేగం 45 శాతం ఎక్కువ, మెమరీ రవాణా 28 శాతం ఎక్కువ, తక్కువ రిజల్యూషన్ బొమ్మను పెద్దదిగా పదునుపెట్టే కొత్త పద్ధతి అదనం. సీపీయూ మాత్రం పాతదే, కావాలంటే దాన్ని 3.85 గిగాహెర్ట్జ్ వరకు, అంటే 10 శాతం వేగంగా నడపవచ్చు. మా సంత లెక్కలో పెట్టి చూడండి. మొదటి 22 మిల్లీసెకన్లు 20 అవుతాయి. 45 ఫ్రేములు 50 అవుతాయి. జీపీయూ మాత్రం గడువుకు ఎంతో ముందే పని ముగించి ఖాళీగా కూర్చుంటుంది. మీ బాధ ‘పెర్ఫార్మెన్స్ మోడ్‌లో బొమ్మ మసకగా ఉంది’ అయితే ప్రో సరైన మందు. ‘నగరంలో తడబడుతోంది’ అయితే కాదు. ఆ ఒక్క కారణంతో అంత డబ్బు పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది.

ఆట అప్‌డేట్లు మాత్రం వాయిదా వేయకండి. సీపీయూ పనిని పొదుపు చేసే అవకాశం వాటికే ఉంది. ఈ నగరం విషయంలో విడుదల తర్వాత వచ్చిన అప్‌డేట్లు కొంత మేలు చేశాయి కూడా.

మిగిలినది టీవీ. 22 మిల్లీసెకన్ల ఫ్రేము మామూలు 60 హెర్ట్జ్ టీవీకి ఇబ్బందికరమైన అంకె. టీవీ ప్రతి 16.7 మిల్లీసెకన్లకోసారి కొత్త బొమ్మ అడుగుతుంది. ఒక ఫ్రేము సమయానికి అందుతుంది, తర్వాతిది అందక పాత బొమ్మే ఇంకోసారి పడుతుంది. మీకు తడబాటుగా కనిపించేది సగటు 45 కాదు, ఈ ఎగుడుదిగుడు. వీఆర్ఆర్ ఉన్న టీవీ ఫ్రేము సిద్ధమయ్యే దాకా ఆగుతుంది కాబట్టి ఇది చాలావరకు కనబడదు. ప్లేస్టేషన్ 5కు 2022లో అప్‌డేట్ ద్వారా ఆ సదుపాయం వచ్చింది. అయితే దానికి కింది హద్దు 48. 50ల్లో ఆడుతుంటే వీఆర్ఆర్ కాపాడుతుంది, 45కు పడితే సాధారణంగా చేయి వదిలేస్తుంది.

120 హెర్ట్జ్ టీవీ ఉన్నవారికి కొన్ని ఆటలు 40 ఫ్రేముల మోడ్ ఇస్తాయి. నా దృష్టిలో అన్నింటికంటే తెలివైన మోడ్ అదే. ఒక్కో ఫ్రేముకు 25 మిల్లీసెకన్లు, అంటే 30కీ 60కీ మధ్య సరిగ్గా సగం దూరం. మా సంతలో 22 తీసుకునే సీపీయూ అందులో నిక్షేపంగా సరిపోతుంది, జీపీయూకు కూడా మంచి రిజల్యూషన్ మిగులుతుంది. 120ను 40తో భాగిస్తే నిశ్శేషంగా మూడు వస్తుంది కాబట్టి ఎగుడుదిగుడు ఉండదు. 60 హెర్ట్జ్ టీవీలో అది కుదరదు, అందుకే అక్కడ మెనూలో ఆ మోడ్ చూపించరు.

మీరు చేయవలసింది ఇదీ: నగరం బయట పెర్ఫార్మెన్స్ మోడ్‌లోనే ఆడండి, నగరంలోకి వచ్చాక క్వాలిటీకి మార్చుకోండి. వంతులవారీగా సాగే పోరాటాల ఆట ఇది, బటన్ నొక్కడంలో కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం ఇక్కడ ప్రాణం తీయదు. కార్ల పందెమో, తుపాకుల ఆటో అయితే ఈ సలహా ఇచ్చేవాణ్ని కాదు. మీ టీవీ మోడల్ నంబరు కింద రాయండి, దానికి వీఆర్ఆర్, 120 హెర్ట్జ్ ఉన్నాయో లేదో చూసి చెబుతాను.